ఫొటోలో సగం కనపడని ఆప్టిట్యూడ్ పేజీ: రెండు ప్రశ్నల రివ్యూ

నమస్కారం అండీ. పటమట నుంచి ఒక తమ్ముడు పంపిన మాక్ టెస్ట్ పేజీ ఇది. ఏలూరు రోడ్డులో జిరాక్స్ తీయించి, ఫోన్‌తో ఫొటో కొట్టాడు. మధ్యలో మడత పడింది, పైన ఒక లైను కట్ అయింది. "అన్నా, రెండు ప్రశ్నలూ తప్పు ప్రింటయ్యాయా?" అని అడిగాడు.

మొదటిది నంబర్ సిరీస్. ఫొటోలో ఇలా కనిపిస్తోంది: 7, 8, 18, 51, ?, 1165. మొదటి అడుగు 1తో గుణించి 1 కలపడం, 8 వచ్చింది. రెండోది 2తో గుణించి 2 కలపడం, 18 వచ్చింది. మూడోసారి 3తో గుణించి 3 కలిపితే 57 రావాలి, ఇక్కడ 51 ఉంది. చాలామంది ఇక్కడే ప్యాటర్న్ తప్పనుకుని తేడాలు తీయడం మొదలుపెడతారు, టైమ్ పోతుంది. అలా చేయకండి, చివర నుంచి వెనక్కి రండి. 1165లో 5 తీసేసి 5తో భాగిస్తే 232. అందులో 4 తీసేసి 4తో భాగిస్తే సరిగ్గా 57. అంటే ముందు నుంచి వచ్చినా, వెనక నుంచి వచ్చినా అక్కడ 57 తప్ప ఇంకోటి కుదరదు. జూమ్ చేసి చూడండి, ఆ 7 మీద గీత మడతలోకి పోయింది. జవాబు 232. ప్రశ్న బాగానే ఉంది, ఫొటోదే లోపం.

రెండోది సీటింగ్. ఆరుగురు గుండ్రంగా కూర్చున్నారు. రవికి ఎదురుగా లత. రవికి కుడి పక్కనే సీత. లతకి కుడి పక్కనే మధు. పద్మ సీత పక్కన లేదు. మిగిలింది గోపి. అందరూ ఒకే వైపు తిరిగి ఉన్నారని కనిపిస్తోంది కానీ, లోపలికా బయటికా అన్న మాటే పైన కట్ అయిపోయింది.

అయినా వేద్దాం. రవి నుంచి కుడివైపుగా రాసుకుంటూ పోతే: రవి, సీత, ఖాళీ, లత, మధు, ఖాళీ. సీత పక్క ఖాళీలో పద్మ కూర్చోదు కాబట్టి అక్కడ గోపి, చివర పద్మ. గోపికి ఎదురుగా ఎవరు? పద్మ. లతకి ఎడమ పక్కన? గోపి. లోపలికి చూసినా బయటికి చూసినా ఈ రెండు జవాబులూ మారవు. బొమ్మ మొత్తం అద్దంలో చూసినట్టు తిరుగుతుంది, అంతే. కొందరు లోపలికి, కొందరు బయటికి చూస్తుంటే మాత్రం ఈ మాట చెల్లదు.

ఇదే సీటింగ్ కింద అడిగిన మూడో ప్రశ్న దగ్గర చిక్కు ఉంది: రవి నుంచి గడియారం ముల్లు తిరిగే దిశలో రెండో మనిషి ఎవరు? లోపలికి చూస్తుంటే ఆ దిశ రవికి ఎడమవైపు, కాబట్టి మధు. బయటికి చూస్తుంటే కుడివైపు, గోపి. ఆప్షన్లలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఊహించి పెట్టలేం.

తమ్ముడూ, పేజీని బల్ల మీద పరిచి, ఆ పై లైను ఒక్కటీ మళ్ళీ తీసి పంపు. మూడోది అప్పుడు తేల్చేద్దాం.