షేర్డ్ డ్రైవ్‌లో డిలీట్ బటన్ ఎవరి చేతిలో ఉండాలి?

నమస్కారం అండి. గూగుల్ వర్క్‌స్పేస్ షేర్డ్ డ్రైవ్‌లో మేనేజర్, కంటెంట్ మేనేజర్, కంట్రిబ్యూటర్ అనే మూడు హక్కుల్ని ఈ రోజు చూద్దాం. అమీర్‌పేటలో ఆరుగురు పనిచేసే జీఎస్టీ ఆఫీసు ఒకటి ఉందనుకోండి. క్లయింటుకో ఫోల్డరు, అందులో నెలకో ఫోల్డరు.

కొత్త మనిషిని చేర్చేటప్పుడు మీరేమీ మార్చకపోతే, గూగుల్ ఇచ్చేది కంటెంట్ మేనేజర్ హక్కు. నాకు నచ్చనిది ఇదే. నిన్న చేరిన అబ్బాయి కూడా ఫైల్ ట్రాష్‌లో వేయగలడు, ఫోల్డరుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి లాగేయగలడు.

నిజానికి డిలీట్ కన్నా ఈ లాగడమే ఎక్కువ తలనొప్పి. ట్రాష్‌లో పడింది 30 రోజులు ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. మౌస్ జారి ఏప్రిల్ ఫోల్డరు పక్క క్లయింటు ఫోల్డర్లో పడితే మాత్రం, పోయిందనుకుని అందరూ వెతుకుతారు. అప్పుడు ఏప్రిల్ ఫోల్డరు ఉండాల్సిన క్లయింటు ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి, వివరాల ప్యానెల్లో Activity చూడండి. ఎవరు, ఎప్పుడు జరిపారో అక్కడ కనిపిస్తుంది.

అందుకే డ్రైవ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, Manage members తెరిచి, జూనియర్లని Contributor చేయండి. వాళ్లు ఫైళ్లు ఎక్కిస్తారు, దిద్దుతారు. జరపలేరు, ట్రాష్‌లో వేయలేరు. తాము పొరపాటున రెండుసార్లు ఎక్కించిన ఫైలుని కూడా తీసేయలేరు, ఎందుకంటే ఫైల్ ఎక్కించినవాళ్లది కాదు, టీముది. పేరు మార్చగలరు కాబట్టి, ఫైలు పేరుకి ముందు "తీసేయాలి" అని రాసి పెట్టమనండి. సీనియర్ వారానికోసారి ఏరేస్తారు.

రెండు చిక్కులున్నాయి. కంప్యూటర్లో డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకి కంట్రిబ్యూటర్ హక్కు ఉంటే అందులో ఫైళ్లు చూడ్డానికే వస్తాయి, ఎక్సెల్‌లో దిద్ది సేవ్ చేయబోతే కుదరదు. అలాంటివాళ్లకి, వాళ్లు పనిచేసే ఒక్క ఫోల్డరు మీద మాత్రం Content manager ఇవ్వండి. ఇక రెండోది, కంట్రిబ్యూటర్ ఫైలుని తీయలేకపోయినా లోపలున్న అంకెలన్నీ తుడిచేయగలడు. షీట్‌లో అలా జరిగితే వెర్షన్ హిస్టరీలోంచి పాతది తెచ్చుకోండి.

మేనేజర్ సంగతి వేరు. ట్రాష్‌లోంచి శాశ్వతంగా తీసేసేది, ఫైళ్లని డ్రైవ్ బయటికి జరిపేది, సభ్యుల్ని చేర్చి తీసేసేది వాళ్లే. ఫోల్డరు వేరే షేర్డ్ డ్రైవ్‌లోకి వెళ్తే పాత డ్రైవ్ సభ్యులకి డ్రైవ్ ద్వారా వచ్చిన హక్కు పోతుంది, ఆ కొత్త డ్రైవ్ సభ్యులకి తెరుచుకుంటుంది. ఆరుగురి ఆఫీసుకి ఇద్దరు మేనేజర్లు చాలు. ఒక్కరే ఉంటే మాత్రం ఆయన సెలవు పెట్టిన రోజు కొత్త మనిషిని చేర్చేవాళ్లే ఉండరు. ట్రాష్‌లోంచి కూడా ఎవరైనా శాశ్వతంగా తీసేశారా? వెంటనే మీ వర్క్‌స్పేస్ అడ్మిన్‌కి ఫోన్ చేయండి. అడ్మిన్ కన్సోల్ నుంచి తేవడానికి 25 రోజులే గడువు.