జనం నిలబడిన నేల ఎంత?

సభాధ్యక్షులకు, పెద్దలకు, విలేకరి మిత్రులకు నమస్కారం. జనసమూహాల లెక్కింపు గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. నేను ఒక్క సభ గురించి మాత్రమే మాట్లాడతాను. ఎందుకంటే ఆ సభకు 50,000 మంది వచ్చారని రాసిన విలేకరిని నేనే, ఆ బాధ ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ సంఖ్య నాకు నిర్వాహకులు చెప్పినది. వేదిక మీద నుంచి చూస్తే కనుచూపు మేర తలలే కనిపించాయి కాబట్టి నేనూ నమ్మాను. మర్నాడు తెల్లవారుజామున, మరచిపోయిన గొడుగు కోసం అదే మైదానానికి వెళ్లాను. వేదికకు కొంత దూరం వరకు పచ్చిక నలిగి నేలకు అంటుకుపోయి ఉంది. తెగిన చెప్పులు, చిరిగిన కాగితాలు పడి ఉన్నాయి. ఆ తరువాత గీత గీసినట్టు, నిటారుగా నిలిచిన గడ్డి మీద మంచు బిందువులు చెక్కుచెదరకుండా మెరుస్తున్నాయి. అక్కడ ఎవరూ నిలబడలేదు.

అప్పటికప్పుడు అంగలు వేసి కొలిచాను. నా అంగ ముప్పావు మీటరు. పొడవు 160 అంగలు, అంటే 120 మీటర్లు. వెడల్పు 107 అంగలు, అంటే దాదాపు 80 మీటర్లు. మైదానం మొత్తం 9,600 చదరపు మీటర్లు. చాలామంది లెక్క ఇక్కడే దారి తప్పుతుంది: మైదానం విస్తీర్ణాన్నే జనం ఆక్రమించిన విస్తీర్ణంగా తీసుకుంటారు. వేదికకూ దాని వెనుక భాగానికీ కలిపి 15 మీటర్లు, వేదిక ముందు బారికేడ్ల వరకు ఖాళీగా వదిలిన 5 మీటర్లు, చివర మంచు చెదరని 30 మీటర్లు తీసేస్తే మిగిలింది 70 మీటర్ల పొడవు. నడుమ దారికి వదిలిన 4 మీటర్లు పోగా వెడల్పు 76. జనం నిలబడిన నేల 5,320 చదరపు మీటర్లు, అంటే మైదానంలో సగం కంటే కొంచెం ఎక్కువ.

ఇక ఒక్కో చదరపు మీటరులో ఎందరున్నారన్నది ప్రశ్న. 1967లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జర్నలిజం బోధిస్తున్న హెర్బర్ట్ జాకబ్స్ దీనికి తేలికైన దారి చూపారు. ఆయన కిటికీ కింద ఉన్న ఆవరణలో కాంక్రీటు నేల గళ్లుగళ్లుగా ఉండేది. కొన్ని గళ్లలోని మనుషులను లెక్కపెట్టి, జనం ఆక్రమించిన గళ్ల సంఖ్యతో హెచ్చించేవారు. ఆయన కొలతలను మన కొలమానంలోకి మారిస్తే, పలుచని గుంపులో చదరపు మీటరుకు ఒకరు, దట్టమైన గుంపులో రెండు నుంచి రెండున్నర, కిక్కిరిసిన చోట నాలుగు దాకా వస్తారు. ఒకరున్న చోట చేతులు ఆడిస్తూ నడవవచ్చు. ఇద్దరున్న చోట పక్కకు తప్పుకుంటూ నడవాలి. నలుగురున్న చోట భుజాలు రాసుకుంటాయి. ఆరేడుగురు దాటితే మనిషి తన ఇష్టప్రకారం కదలలేడు, గుంపు నెట్టిన వైపు కొట్టుకుపోతాడు. ఊపిరాడక ప్రాణాలు పోయేది అలాంటి చోటనే.

ఆ రోజు మేడ మీద నుంచి మా ఫొటోగ్రాఫర్ తీసిన చిత్రం ఒకటి ఆఫీసులో వాడకుండా మిగిలిపోయింది. పత్రికలో అచ్చయింది వేదిక మీద నుంచి తీసినది. దయచేసి ఈ తేడా గమనించండి. తక్కువ ఎత్తు నుంచి చూసినప్పుడు ముందు తలలు వెనుక ఖాళీలను కప్పేస్తాయి, అందువల్ల వెనుక వరుసలు కూడా ముందు వరుసలంత దట్టంగా ఉన్నట్టు అనిపిస్తుంది. మేడ మీది చిత్రంలో మూడు పట్టీలు స్పష్టంగా కనిపించాయి. వేదిక వైపు 15 మీటర్ల లోతున నలుగురేసి చొప్పున 4,560 మంది. తరువాతి 30 మీటర్లలో ఇద్దరేసి చొప్పున మళ్లీ 4,560 మంది. చివరి 25 మీటర్లలో ఒక్కొక్కరు చొప్పున 1,900 మంది. మొత్తం 11,020. నేనైతే ఆ చివరి ఇరవైని కూడా నమ్మను. సాంద్రతను కంటితో అంచనా వేశాను కాబట్టి తొమ్మిది వేల నుంచి పదమూడు వేల వరకు అనడమే న్యాయం.

ముందు వరుసల సాంద్రతనే మైదానమంతటికీ వర్తింపజేసి ఉంటే 38,400 వచ్చేది. నేను రాసిన 50,000 మంది ఆ 5,320 చదరపు మీటర్లలో పట్టాలంటే చదరపు మీటరుకు తొమ్మిదిమందికి పైగా ఉండాలి. అంత ఒత్తిడిలో జనం చప్పట్లు కొట్టలేరు, చేయి పైకెత్తలేరు. కానీ వెనుక వరుసల్లో పిల్లలు పరుగులు తీయడం నేను నా కళ్లతో చూశాను. చూసి కూడా భాగహారం చేయలేదు.

ఒక జాగ్రత్త చెబుతాను. ఈ లెక్క ఒక్క క్షణానిది. జనం వచ్చిపోతూ ఉన్న రోజుల్లో మొత్తం ఎందరు వచ్చారన్నది దీనితో తేలదు.

నేను సవరణ రాసి ఇచ్చాను, అది అచ్చు కాలేదు. అందుకే ఈ వేదిక మీద అడుగుతున్నాను. ఇకపై జనసంఖ్య రాసేటప్పుడు దాని పక్కనే జనం నిలబడిన విస్తీర్ణాన్ని చదరపు మీటర్లలో రాయండి, భాగహారం పాఠకుడే చేసుకుంటాడు. ఆ సభ విషయంలో నేను రాయవలసిన వాక్యం ఇది: 5,320 చదరపు మీటర్లలో, తొమ్మిది నుంచి పదమూడు వేల మంది.