వదిన తెచ్చిన కాఫీ డబ్బా

అందరికీ నమస్కారం. బీచ్ రోడ్డులో నడక ముగించుకుని, ఇంటికెళ్లి కాఫీ తాగాల్సిన టైములో నా మాటలు వినడానికి కూర్చున్నారు. ఎక్కువసేపు ఆపను.

పోయిన నెల మా వదిన ఒక డబ్బా తెచ్చింది. మష్రూమ్ కాఫీ. "మతిమరుపు తగ్గుతుందట, నిజమేనా చూసి చెప్పవయ్యా" అంది. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పినవాణ్ణి కదా, ముందు బొమ్మ చూడను, వెనకవైపు చిన్నక్షరాలు చదువుతాను. ఒక్కో సాషే 3 గ్రాములు. అందులో "మష్రూమ్ బ్లెండ్ 250 మిల్లీగ్రాములు" అని ఉంది. లయన్స్ మేన్, చాగా అని రెండు రకాలు కలిపి 250. ఏది ఎంతో రాయలేదు. మనకు అలవాటైన ఫిల్టర్ కాఫీ పొడి మీద చికోరీ ఎంత శాతమో అచ్చువేసి ఉంటుంది కదా. ఇక్కడ అసలు సరుకు లెక్కే దాచారు.

సగం సగం అనుకుందాం. లయన్స్ మేన్ 125 మిల్లీగ్రాములు. సింహం జూలులా తెల్లగా వేలాడే పుట్టగొడుగు అది. మతిమరుపు మాట ఎక్కువగా 2009లో జపాన్‌లో వచ్చిన ఒక అధ్యయనం నుంచి పుట్టింది. యాభై నుంచి ఎనభై ఏళ్ల మధ్య వయసుండి, కాస్త మతిమరుపు మొదలైన ముప్పై మంది దాకా తీసుకున్నారు. సగం మందికి 16 వారాల పాటు రోజుకు 3 గ్రాముల పొడి మాత్రల రూపంలో ఇచ్చారు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్రలు. పొడి తిన్నవాళ్లకు పరీక్షలో మార్కులు పెరిగాయి. ఆపేసిన నాలుగు వారాలకే మళ్లీ తగ్గాయి. అధ్యయనం చిన్నదే అయినా కొట్టిపారేయలేం. కానీ ఆ 3 గ్రాములు అందాలంటే మా వదిన రోజుకు 24 సాషేలు కలుపుకోవాలి!

"మాది ఎక్స్‌ట్రాక్ట్ అండీ, పుట్టగొడుగు నుంచి తీసిన సారం, పదింతలు గాఢం" అంటారు అమ్మేవాళ్లు. సరే, ఒప్పుకుందాం. 125ని పదితో హెచ్చవేస్తే 1250. అప్పటికీ సగం లేదు. పైగా జపాన్‌లో పరీక్షించింది మామూలు పొడిని, ఎక్స్‌ట్రాక్ట్‌ని కాదు.

ఇంకో తిరకాసు ఉంది. కొన్ని పొడుల్లో మనం చూసే పుట్టగొడుగు ఉండదు. ధాన్యం మీద దాని తెల్లటి దారాలు పెంచి, ధాన్యంతో సహా ఎండబెట్టి పొడి చేస్తారు. ఆ దారాల్లోనూ పనికొచ్చే పదార్థాలు ఉంటాయి, కాదనను. కానీ వాటితోపాటు కొంటున్నది గింజల పిండి. లేబుల్ మీద "పాలీశాకరైడ్లు 30 శాతం" అని గొప్పగా ఉంటే మురిసిపోకండి. అన్నంలో ఉండే పిండి కూడా పాలీశాకరైడే. చూడాల్సింది పుట్టగొడుగుల్లో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు ఎంత అని.

ఈ రెండు గ్లాసులు చూడండి. ఇందులో రైతుబజార్లో కొన్న పుట్టగొడుగులు ఎండబెట్టి చేసిన పొడి, అందులో వదిన విడిగా కొన్న మష్రూమ్ క్యాప్సూల్ పొడి. రెండింటినీ వేడినీళ్లలో కలిపి చల్లార్చాను. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ ఒక్కో చుక్క వేస్తున్నాను. మొదటిది గోధుమ రంగులోనే ఉంది. రెండోది చూశారా, సిరాలా నల్లనీలం అయిపోయింది. పిండి! కాఫీ కలిపిన పొడితో ఈ పరీక్ష చెయ్యకండి. కాఫీలోని పదార్థాలే అయోడిన్‌ని పాడుచేస్తాయి.

మరి తాగినవాళ్లు "గుండెదడ తగ్గింది, నిద్ర బాగా పడుతోంది" అంటారే? అబద్ధం కాదు. ఈ మష్రూమ్ కాఫీల్లో చాలావాటికి మామూలు కప్పుకంటే కెఫీన్ తక్కువ. మీ అరకు కాఫీ డికాక్షన్ సగానికి తగ్గించినా అదే జరుగుతుంది.

చర్మానికి మంచిదని కొలాజెన్ అనే ప్రోటీన్ కలిపిన కాఫీలూ అమ్ముతున్నారు, ఆ సంగతి క్లుప్తంగా చెప్తాను. అధ్యయనాల్లో రోజుకు రెండున్నర నుంచి పది గ్రాముల దాకా వాడారు. మూడు గ్రాముల కాఫీ సాషేలో అది ఎంత పడుతుంది? చర్మానికి మేలు అని తేల్చిన అధ్యయనాల్లో చాలావాటికి డబ్బు పెట్టింది అమ్మేవాళ్లే. కొలాజెన్ వచ్చేది పశువుల చర్మం నుంచి, చేపల తోలూ పొలుసుల నుంచి. ఆకుపచ్చ చుక్కతో "వెజ్ కొలాజెన్" అని ఉంటే అందులో సాధారణంగా కొలాజెన్ ఉండదు, విటమిన్ సి లాంటివి ఉంటాయి.

అశ్వగంధ కలిపిన కాఫీ విషయంలో మాత్రం నాకు భయం ఉంది. అది ఉత్త నీళ్లు కాదు, పనిచేసే మందు. థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు. అరుదుగా లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా వెంటనే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గర్భిణులు అసలు ముట్టుకోవద్దు. చాగాలో ఆక్సలేట్ ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

మా వదినకు థైరాయిడ్ ఉంది. పొద్దున మాత్ర వేసుకుని, వెంటనే ఈ కాఫీ తాగేది. ఏ కాఫీ అయినా ఆ మాత్రను ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. డబ్బా పక్కన పెట్టించాను. ఇప్పుడు మాత్ర వేసుకున్న గంటకు, పాత ఫిల్టర్ కాఫీయే తాగుతోంది.