300 కొడితే ఫోటో బాగుపడదు: దినాల ఫ్లెక్స్‌కు పాస్‌పోర్ట్ ఫోటోను పెద్దది చేయడం

దినాల ముందు రోజు ఫ్లెక్స్ షాపుల్లో జరిగే తప్పు ఇదే. వాట్సాప్‌లో వచ్చిన తాత ఫోటోను ఫోటోషాప్‌లో తెరుస్తారు, Image Size లోకి పోయి Resolution లో 72 తీసేసి 300 కొడతారు, "క్వాలిటీ వచ్చేసింది" అంటారు. ఏమొచ్చిందబ్బా? జొన్నరొట్టె తట్టడం చూసినారు కదా. ముద్ద అంతే ఉంటే, ఎంత పెద్దగా తడితే రొట్టె అంత పల్చనవుతుంది. 300 కొట్టడమంటే ముద్ద పెంచడం కాదు, తట్టడమే.

లెక్క చూడండి. ఫ్లెక్స్ 4×6 అడుగులు, అందులో ఫోటో వెడల్పు 3 అడుగులు. వాట్సాప్ ఫోటో వెడల్పు 300 పిక్సెళ్లే అయితే, ఒక్కో పిక్సెల్ 3 మిల్లీమీటర్లు అవుతుంది. జేపెగ్ కుదింపు 8×8 పిక్సెళ్ల గళ్లలో జరుగుతుంది కాబట్టి, చెంప మీద దాదాపు అంగుళం గళ్లు పడతాయి. ముసలాయన ముడతలు పోయి గచ్చు బండలు తేలతాయి.

అందుకే ముందు ముద్ద, అంటే పిక్సెళ్లు, పెంచాల. అసలు ఫోటో ఇంట్లో ఏ పాస్‌బుక్కులోనో దొరుకుతుంది, అడగండి. 35×45 మిల్లీమీటర్ల ఫోటోను 1200 డీపీఐలో స్కాన్ చేస్తే వెడల్పు సుమారు 1650 పిక్సెళ్లు వస్తుంది. 3 అడుగులకు సాగదీసినా అంగుళానికి 46 ఉంటాయి. పది అడుగుల దూరం నుంచి చూసే కంటికి 30 చాలు. రొట్టె చిల్లులు పొయ్యి కాడ కనపడతాయి గానీ వాకిట్లోకి కనపడవు కదా, అంతే.

పాత స్టూడియో ఫోటోల్లో కొన్నిటికి పైన గరుకు చుక్కలుంటాయి, స్కాన్‌లో అవి మెరుస్తాయి. బ్లర్ కొట్టొద్దు, కళ్లు కూడా పోతాయి. ఫోటోను తలకిందులుగా పెట్టి ఇంకోసారి స్కాన్ చేయండి. దాన్ని నిటారుగా తిప్పి, మొదటిదాని మీద లేయర్‌గా పెట్టి, Auto-Align Layers కొట్టి, పైదాని Opacity 50 చేయండి. రెండో స్కాన్‌లో వెలుగు అటుపక్క నుంచి పడుతుంది కాబట్టి ఒకదాంట్లో మెరిసిన చుక్క ఇంకోదాంట్లో నీడవుతుంది, రెండూ కలిస్తే చాలావరకు అణిగిపోతుంది. నాకు ఈ పనిలో బాగా నచ్చేది ఇదే.

టైం అయిపోతాంది, మిగతాది గబగబా చెప్తా. గీతలు పెద్దది చేయకముందే Healing Brush తో తీసేయండి. తర్వాత Image Size లో Resample కు Preserve Details 2.0 పెట్టి పెంచండి. షార్పెన్ చివర్లో, కొంచెమే. మంట ఎక్కువైతే రొట్టె అంచు మాడినట్టు, నెరిసిన జుట్టు చుట్టూ తెల్లగీత వస్తుంది. ఫ్లెక్స్ మీద మొహం నల్లబడుతుంది కాబట్టి Curves లో మధ్య భాగం కాస్త పైకి లేపండి. పేరు, తేదీలు ఫోటోలో కలపకుండా కోరెల్‌లోనే టైప్ చేయండి. ఫైలు పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే వాట్సాప్ మళ్లీ పిండి లాక్కుంటుంది.

ప్రింట్‌కు ఇచ్చే ముందు ఒక కన్ను, ముక్కు వరకు అసలు సైజులో ఏ4 కాగితం మీద తీసి గోడకు అంటించి, పది అడుగులు వెనక్కి పోయి చూడండి. అక్కడ కూడా గళ్లు కనపడితే ఫోటోను 3 అడుగుల నుంచి 2కు తగ్గించి, చుట్టూ పూలదండ బార్డర్ వేయండి.