ఇరవై నిమిషాలు అడగాలంటే మెయిల్ ఎలా రాయాలి? - ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. విశాఖపట్నం స్టూడియోలో ఇవాళ మనతో ఉన్న మేడమ్ ఇరవై రెండేళ్లు పెద్ద అధికారుల దగ్గర కార్యదర్శిగా పనిచేశారు. వాళ్లని కలవడానికి టైమ్ అడుగుతూ వచ్చిన ప్రతి మెయిల్ ముందు ఈవిడే చదివేవారు. మొదటి కాల్ మధురవాడ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు లీడ్‌ని. మా క్లయింట్ జర్మనీలో ఉన్నారు. వాళ్ల జీతాల సిస్టమ్ మారుస్తున్నాం. వాళ్ల ఫైనాన్స్ హెడ్‌తో మాట్లాడాలని మెయిల్ పెట్టి తొమ్మిది రోజులైంది, జవాబే లేదు. ఈ నెల 30 లోపు ఆయన ఒక మాట చెప్పకపోతే మా పని ఆగిపోతుంది. చాలా టెన్షన్‌గా ఉంది.

మేడమ్: ఆ మెయిల్ దగ్గరుందా? మొదటి వాక్యం, చివరి వాక్యం చదువమ్మా.

కాలర్: మొదటిది, 'మీరు క్షేమమని తలుస్తాను, నేను ఫలానా కంపెనీలో ఫలానా ప్రాజెక్టు చూస్తున్నాను' అని. చివరిది, 'కొన్ని విషయాలు చర్చించాలి, మీకు వీలైన సమయం తెలియజేయగలరు' అని. మధ్యలో ప్రాజెక్టు ఎక్కడిదాకా వచ్చిందో పద్నాలుగు లైన్లు రాశాను.

మేడమ్: సబ్జెక్టు లైన్?

కాలర్: 'మీటింగ్ కోసం విన్నపం' అని, మేడమ్.

మేడమ్: అలాంటి మెయిల్ నా దగ్గరకొస్తే ఏం చేసేదాన్నో చెప్తాను. పక్కన పెట్టేదాన్ని. కోపంతో కాదు. ఎంతసేపు కావాలో, ఏం తేల్చాలో, ఎప్పటిలోగా తేల్చాలో అందులో లేదు. ఈ మూడూ తెలియకుండా క్యాలెండర్‌లో ఎక్కడ పెట్టాలి? 'వీలైన సమయం చెప్పండి' అనడం మర్యాదే అనుకుంటాం. కానీ అప్పుడు తన క్యాలెండర్ తెరిచి ఖాళీ వెతికే పని ఆయన మీద పడుతుంది. రేపు చూద్దాంలే అనుకుంటారు, రేపటికి ఇంకో వంద మెయిళ్లు వస్తాయి. ఇంతకీ ఆయన తేల్చాల్సింది ఏంటి?

కాలర్: నవంబర్ జీతాలు కొత్త సిస్టమ్‌లో వేయాలా, డిసెంబర్ దాకా ఆగాలా అని. 40 మంది సెలవుల లెక్కలు ఇంకా సరిపోలేదు. నవంబర్‌కే వెళ్తే ఆ 40 మందికీ చేత్తో లెక్కలు కట్టాలి. ఆగితే పాత సిస్టమ్ లైసెన్సు ఇంకో నెల పొడిగించాలి. మా టీమ్ అయితే ఆగడమే మంచిదంటోంది.

మేడమ్: చూడు, నాలుగు ముక్కల్లో నాకు అర్థమయ్యేలా చెప్పేశావు. అదే మెయిల్. సబ్జెక్టు ఇలా పెట్టు: 'నవంబర్ జీతాలు కొత్త సిస్టమ్‌లోనా? 30 లోపు మీ నిర్ణయం, 20 నిమిషాలు'. అసలు ప్రశ్న ముందుండాలి, ఎందుకంటే ఫోన్‌లో సబ్జెక్టు సగమే కనిపిస్తుంది. మొదటి వాక్యంలో అదే ప్రశ్న అడుగు. తర్వాత ఇప్పుడు చెప్పిన రెండు దారులూ, మీ సలహా, ఒక్కోటి ఒక్కో వాక్యంలో. ఆ పద్నాలుగు లైన్ల చరిత్ర అక్కర్లేదు. కావాలంటే ఒక పేజీ చేసి జత చెయ్. ఇక టైమ్ ఎలా అడుగుతావు?

కాలర్: 23 గురువారం, 28 మంగళవారం. రెండు రోజులూ మన టైమ్ మధ్యాహ్నం 2:30 అని రాద్దామనుకున్నాను.

మేడమ్: ఇక్కడ ఆగు. జర్మనీలో అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఈసారి అది 26. అంతవరకూ మనం వాళ్ల కంటే మూడున్నర గంటలు ముందుంటాం, ఆ తర్వాత నాలుగున్నర. నీ 2:30 గురువారం అక్కడ 11 గంటలు, మంగళవారం 10 గంటలు. ఆయనేమో రెండూ పదకొండే అనుకుంటారు.

కాలర్: అయ్యో! నాకు తట్టనే లేదు మేడమ్. పక్కన ఐఎస్‌టీ అని రాస్తే సరిపోదా?

మేడమ్: ఇజ్రాయెల్ వాళ్లూ ఐఎస్‌టీ అనే రాసుకుంటారమ్మా, ఎండాకాలంలో ఐర్లాండ్ వాళ్లూ అంతే. ఎవరిని అడుగుతున్నామో వాళ్ల గడియారం ప్రకారం రాయి, లెక్క నువ్వు వేసుకో. మెయిల్‌లో 'జర్మనీ టైమ్' అని స్పష్టంగా పెట్టి ఇలా రాయి:

అక్టోబర్ 23 గురువారం, 10:00 నుంచి 10:20
అక్టోబర్ 28 మంగళవారం, 10:00 నుంచి 10:20
అక్టోబర్ 29 బుధవారం, 15:00 నుంచి 15:20

మనకి ఇవి వరసగా 1:30, 2:30, రాత్రి 7:30. ఒకటి వేరే వారంలో, ఒకటి మధ్యాహ్నం పెట్టాను చూడు. ఉదయాలన్నీ నిండిపోయిన మనిషికి మూడు ఉదయాలిస్తే మూడూ పనికిరావు. తేదీ పక్కన వారం పేరు తప్పకుండా రాయి, క్యాలెండర్ చూసి మరీ రాయి. ఒకసారి ఒక కంపెనీ నుంచి 'మంగళవారం 14' అని వచ్చింది. 14 బుధవారం. నేను తేదీ చూసి బుధవారం పెట్టాను, వాళ్లు మంగళవారం వచ్చి రిసెప్షన్‌లో గంటన్నర కూర్చున్నారు. ఆ రోజు మా సార్ ఊళ్లోనే లేరు. వాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

కాలర్: క్యాలెండర్ ఇన్వైట్ కూడా ఇప్పుడే పంపేయనా?

మేడమ్: వద్దు. అడగకుండా పెద్దవాళ్ల క్యాలెండర్‌లో మనం చోటు పట్టుకున్నట్టు ఉంటుంది. ఈ మూడు టైములూ ముందు నీ క్యాలెండర్‌లో, నీతో వచ్చేవాళ్ల క్యాలెండర్‌లో ఖాళీగా ఉంచు. ఆయన ఒకటి ఒప్పుకోగానే ఇన్వైట్ పంపి, మిగతా రెండూ వదిలెయ్. ఇన్వైట్ ఎవరి టైమ్‌లో వాళ్లకి కనిపిస్తుంది కాబట్టి ఆ తర్వాత గడియారం గొడవ ఉండదు. మెయిల్ చివర ఇంకో వాక్యం పెట్టు: 'మాట్లాడనక్కర్లేదనిపిస్తే, నవంబర్ లేదా డిసెంబర్ అని ఒక్క మాట రాసినా చాలు'. నీకు కావాల్సింది ఆయన నిర్ణయం కదా, మీటింగ్ కాదు. నిజంగా కూర్చుని చర్చించాల్సిన విషయమైతే మాత్రం ఈ వాక్యం రాయకు. సగం ఆలోచించిన జవాబు వస్తుంది.

కాలర్: పాత మెయిల్ కిందే పంపనా మేడమ్?

మేడమ్: పాతదాని సబ్జెక్టులో ఏమీ లేదు కాబట్టి కొత్తగా పంపు. దీనికి రెండు మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే, అప్పుడు దీని కిందే ఒక లైన్ రాయి. దాటిపోయిన టైమ్ తీసేసి కొత్తది చేర్చు. నిన్నటి తేదీతో గుర్తుచేసే మెయిళ్లు నేను చాలా చూశాను.

యాంకర్: ఇంకో కాల్, గాజువాక నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్తే అండి. ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ నాది. ఒక పెద్ద ప్లాంటులో జనరల్ మేనేజర్ గారిని కలవాలి. నేను కూడా మూడు టైములు రాయాలా?

మేడమ్: మీకు అలా కుదరదండి. మీరు స్వయంగా వెళ్తున్నారు, ఆయన పనుల మధ్య పిలుస్తారు. '28 మంగళవారం గానీ 30 గురువారం గానీ, ఉదయం 10 నుంచి 1 లోపు ఎప్పుడైనా 15 నిమిషాలు' అని రాయండి. పనేంటో పేరు పెట్టి రాయండి.

కాలర్: పెండింగ్ బిల్లు విషయమండి.

మేడమ్: అయితే వర్క్ ఆర్డర్ నంబరు, బిల్లు తేదీ, ఎవరి దగ్గర ఆగిందో రాయండి. ఆ నంబరుంటే కార్యదర్శి మీరు రాకముందే ఫైలు తెప్పిస్తారు. కాపీ ఆ కార్యదర్శికి కూడా పెట్టండి. లోపలికి రావాలంటే గేట్ పాస్ కావాలి కదా, వచ్చేవాళ్ల పేర్లు, బండి నంబరు కూడా అదే మెయిల్ చివర రాసేయండి.

కాలర్: పోయినసారి గేటు దగ్గరే గంటసేపు ఆగిపోయానండి.

మేడమ్: అందుకే చెప్తున్నాను. ఎంతమంది వెళ్తున్నారు?

కాలర్: ఇద్దరం. నేనూ, మా సూపర్‌వైజరూ.

మేడమ్: ఇద్దరి పేర్లూ ఆధార్‌లో ఉన్నట్టే రాయండి.