నర్సరీలో ఎవరిని రోజు కూలికి, ఎవరిని నెల జీతానికి

శ్రోతలకు నమస్కారం. కడియం, కడియపులంక చుట్టుపక్కల ఎకరం, రెండెకరాల్లో నర్సరీ నడిపే చిన్న యజమానులకు ప్రతి ఏడాదీ ఒక టెన్షన్ తప్పదు. తొలకరి పడగానే మొక్కలకు గిరాకీ మొదలవుతుంది, లారీలు వచ్చి ఆగుతాయి. సరిగ్గా అప్పుడే సార్వా ఊడుపులు మొదలై కూలీలు చేలల్లోకి వెళ్ళిపోతారు. రోజు కూలి మీదే పూర్తిగా ఆధారపడినవాళ్ళకు మనుషులు బాగా అవసరమైన రోజునే దొరకరు.

కాబట్టి ఎవరిని ఎలా పెట్టుకోవాలన్నది ఆ పని ఏడాదిలో ఎన్ని రోజులు ఉంటుందో చూసి తేల్చుకోవాలి. నిరుటి ఖర్చుల పుస్తకం తీసి, నెలవారీగా ఏ పనికి ఎంతమంది వచ్చారో రాసుకోండి. అప్పుడు నీళ్ళు పెట్టే పని విడిగా కనిపిస్తుంది. వానాకాలంలో కొంత తగ్గినా, ఎండాకాలంలో ఒక్క రోజు ఆగినా చిన్న మొక్కలు వాడిపోతాయి.

లెక్క తేలిగ్గా ఉండడానికి మామూలు రోజు కూలి 500 రూపాయలు అనుకుందాం. ఆ లెక్కన 26 రోజులకు నెల జీతం 13,000 అవుతుంది. ఊడుపులప్పుడో కోతలప్పుడో అదే మనిషిని రోజు కూలికి పిలిస్తే 650 అడుగుతారనుకోండి. 13,000ను 650తో భాగిస్తే 20 వస్తుంది. అంటే ఆ ధరకు నెలలో 20 రోజులకు మించి మనిషి కావలసి వస్తే నెల జీతమే చవక. మామూలు ధర ఉన్న నెలల్లో రెండూ సమానం కావాలంటే 26 రోజుల పని ఉండాలి. అయితే నెల మనిషికి ఏ మోటారు ఎప్పుడు వెయ్యాలో, ఏ మడికి ఎంత తడి కావాలో తెలిసిపోతుంది. ఆ విలువ ఈ లెక్కలో కనిపించదు. అందుకే నీళ్ళ పనికి నెల జీతమే మంచిదని నా అభిప్రాయం.

మొక్కలు లారీకెక్కించడం, ఆర్డరు ప్రకారం ఏరి పెట్టడం జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువగా ఉంటుందనుకుందాం. దీనికి సీజను మనుషులు కావాలి. మే నెలలోనే మాట్లాడుకుని, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, కూలి ఎంత, వారంలో సెలవు ఏ రోజు అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేస్తే, ఊడుపుల్లో చెయ్యి జారిపోయే ప్రమాదం తగ్గుతుంది. చాలామంది ఆ మాట కోసం ముందే అడ్వాన్స్ ఇస్తారు. ఇవ్వొచ్చు. కానీ బాకీ తీరేదాకా వేరే చోటికి వెళ్ళకూడదని కట్టిపడేస్తే అది వెట్టిచాకిరీ కిందికి వస్తుంది. దాన్ని 1976లోనే చట్టం నిషేధించింది.

కవర్లలో మట్టి నింపడం, అంట్లు కట్టడం లాంటివి అప్పుడప్పుడు వచ్చే పనులు. వీటికి రోజు కూలి సరిపోతుంది. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. కవరుకి 60 పైసల చొప్పున మాట్లాడితే, రోజంతా కష్టపడి 700 కవర్లు నింపిన మనిషికి 420 రూపాయలే వస్తాయి. అక్కడి కనీస వేతనం 450 అనుకుంటే, మిగతా 30 యజమాని కలిపి ఇవ్వాల్సిందే. లెక్క మీద చేయించినా, పూర్తి రోజు పనికి కనీస వేతనం తగ్గకూడదు. ఆ రేట్లు మారుతూ ఉంటాయి, కాబట్టి ఏటా ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

పిలిచిన మనిషి పనిలోకి దిగాక వాన వచ్చి మధ్యాహ్నమే పని ఆగిపోతే సగం కూలి ఇచ్చి పంపడం మన దగ్గర మామూలు. ఆ మనిషి తానుగా మానుకోకపోతే, సాధారణంగా పూర్తి రోజు కూలి రావాలన్నది చట్టం మాట. అలాగే ఒకే పనికి మగవాళ్ళకు ఒక రేటు, ఆడవాళ్ళకు ఒక రేటు కుదరదు. ఇద్దరూ కవర్లే నింపుతుంటే కూలి ఒకటే.

2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రోజు కూలి ఆ రోజు పని ముగిసేసరికి, వారం కూలి వారపు సెలవుకి ముందు రోజు, నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోగా చేతికందాలి. మనిషి మానేసినా, మనమే మాన్పించినా బాకీ రెండు పనిదినాల్లో చెల్లించాలి. అదనపు గంటలకు రెట్టింపు కూలి. అడ్వాన్స్‌తో సహా అన్ని కోతలూ కలిపి ఆ విడత వేతనంలో సగానికి మించకూడదు.

ఇవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, పేరు, చేసిన పని, గంటలు, రేటు, ఇచ్చిన డబ్బు, అడ్వాన్స్ మిగులు, పక్కన సంతకమో వేలిముద్రో. ఏదైనా తగాదా వచ్చినా, లేబర్ ఇన్‌స్పెక్టరు వచ్చినా ముందు చూసేది ఆ పేజీనే. వచ్చే మే నెలలో సీజను మనుషులను లెక్కేసుకోవడానికీ అదే పనికొస్తుంది.