ఏది ఏదిగా మారింది: పవర్‌పాయింట్ మార్ఫ్‌తో రెండు స్థితుల మధ్య మార్పును చూపించే విధానం

సభకు నమస్కారం.

ముందు ఒక స్థితిని, తరువాత మరో స్థితిని రెండు స్లైడ్లలో చూపినప్పుడు, ఆ రెండింటినీ పోల్చుకునే పని పూర్తిగా చూసేవారి మీద పడుతుంది. మొదటి స్లైడు తెర మీద నుంచి తొలగిపోగానే అందులో ఏ పెట్టె ఎక్కడ ఉండేదో వారు గుర్తు తెచ్చుకోవాలి. ఆ భారాన్ని తగ్గించడానికి పవర్‌పాయింట్‌లో మార్ఫ్ అనే స్లైడు మార్పిడి ఉంది, మొదటి స్లైడులోని వస్తువులు రెండో స్లైడులోని తమ చోటికి కదులుతూ చేరడాన్ని అది చూపుతుంది. 2015లో ఆఫీస్ 365 చందాదారులకు ఇది తొలిసారి అందింది, ఆ తరువాత పవర్‌పాయింట్ 2019లోనూ చేరింది. దీనితో చేయగల విన్యాసాలు చాలానే ఉన్నా, ఈ రోజు నేను ఒక్క ఉదాహరణనే తీసుకుని చివరి దాకా చేసి చూపుతాను.

ఒక కార్యాలయంలో దరఖాస్తు పరిష్కారానికి పాత పద్ధతిలో 20 రోజులు పట్టేదనీ, కొత్త పద్ధతిలో 10 రోజులు పడుతోందనీ అనుకుందాం. పాత పద్ధతిలో స్వీకరణకు 2 రోజులు, పరిశీలనకు 8, ఆమోదానికి 6, ముద్రణకు 1, పంపిణీకి 3 రోజులు పట్టేవి. కొత్త పద్ధతిలో స్వీకరణకు 1 రోజు, ఆమోదానికి 3, పంపిణీకి 2 రోజులు పడతాయి, ముద్రణ పూర్తిగా పోయింది. పరిశీలన మాత్రం రెండుగా విడిపోయింది. ఇంతకుముందు పత్రాలనూ స్థలాన్నీ ఒకే వ్యక్తి చూసేవారు, ఇప్పుడు పత్రాలను ఒకరు 4 రోజుల్లోనూ, స్థలాన్ని వేరొకరు 3 రోజుల్లోనూ ఒకే సమయంలో చూస్తున్నారు.

దీన్ని పవర్‌పాయింట్ చార్టుగా గీస్తే మార్ఫ్ మనకు ఉపయోగపడదు. చార్టు మొత్తాన్నీ అది ఒకే వస్తువుగా చూస్తుంది కాబట్టి లోపలి పట్టీలు విడివిడిగా కదలవు, పాత చార్టు మసకబారుతూ కొత్త చార్టు తేలుతుంది. అందుకని పట్టీలను మామూలు దీర్ఘచతురస్రాలుగా మనమే గీసుకోవాలి. వెడల్పు తెర స్లైడు 33.87 సెంటీమీటర్లు ఉంటుంది. ఒక రోజుకు 1.4 సెంటీమీటర్లు చొప్పున లెక్క వేస్తే 20 రోజులకు 28 సెంటీమీటర్లవుతుంది. ఎడమ అంచు నుంచి 3 సెంటీమీటర్లు వదిలి మొదలుపెడితే పరిశీలన పెట్టె 5.8 దగ్గర మొదలై 11.2 సెంటీమీటర్ల వెడల్పుతో 17 దగ్గర ముగుస్తుంది. పెట్టె మీద కుడి క్లిక్ చేసి Format Shape తెరిస్తే వెడల్పునూ స్థానాన్నీ అంకెలతో ఇవ్వవచ్చు. కంటి అంచనాతో లాగడం కంటే ఇదే మేలు, ఎందుకంటే అర మిల్లీమీటరు తేడా కూడా కదలికలో చిన్న కుదుపుగా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రెండు స్లైడ్లలో ఏ వస్తువు ఏ వస్తువుకు జత అన్నది తేలితే తప్ప మార్ఫ్ పని చేయదు. జత కుదిరిన వస్తువు తన స్థానం, కొలత, రంగు, వాలు మార్చుకుంటూ కదులుతుంది. మొదటి స్లైడులో మాత్రమే ఉన్నది మాయమవుతుంది, రెండో స్లైడులో మాత్రమే ఉన్నది తేలి వస్తుంది. అందువల్ల రెండో స్లైడును ఖాళీగా మొదలుపెట్టి కొత్తగా గీయకూడదు. ఎడమవైపు చిన్న బొమ్మల వరుసలో మొదటి స్లైడును ఎంచుకుని Duplicate Slide నొక్కి, ఆ నకలులోని పెట్టెలనే జరపాలి, వాటినే కుదించాలి. తరువాత Transitions లోకి వెళ్లి నకలు స్లైడుకు Morph ఎంచుకోవాలి. మార్పిడి ఎప్పుడూ గమ్యమైన స్లైడుకే చెందుతుంది కాబట్టి, మొదటి స్లైడుకు పెట్టి ఏమీ కదలడం లేదని అనుకునేవారు ముందు ఆ ఒక్క సంగతి చూసుకోవాలి.

ఇక్కడ చాలామందికి కనిపించకుండా దొర్లే పొరపాటు ఒకటి ఉంది. నకలులో పెట్టెలను కదపకుండా వాటిలోని పేర్లను తుడిచి కొత్త పేర్లు టైపు చేస్తారు. ఉదాహరణకు ముద్రణ పోయింది కాబట్టి చివరి పెట్టెను తొలగించి, నాలుగో పెట్టెలో ‘ముద్రణ’ తుడిచి ‘పంపిణీ’ అని రాస్తారు. నిశ్చలంగా చూస్తే రెండో స్లైడు సరిగానే ఉంటుంది. మార్ఫ్ ఆడినప్పుడు మాత్రం ముద్రణ పెట్టె పంపిణీగా రూపు మార్చుకుంటుంది, అసలు పంపిణీ మాయమవుతుంది. తెర మీద కనిపించేది జరగని మార్పు. తీసేసిన దశ ఏదో ఆ దశ పెట్టెనే తీసివేయాలి, మిగిలిన దశ పెట్టెను దాని కొత్త చోటికి జరపాలి. నా దృష్టిలో మార్ఫ్ వాడకంలో అన్నిటికన్నా పట్టించుకోవలసిన అంశం ఇదే, ఎందుకంటే మిగతా లోపాలు కంటికి గరుకుగా కనిపించి తామే బయటపడతాయి, ఇది మాత్రం నున్నగా కదులుతూనే తప్పు చెబుతుంది.

జతను పవర్‌పాయింట్ ఊహకు వదలకుండా మనమే ఖాయం చేసే మార్గం ఉంది. Alt+F10 నొక్కితే Selection Pane తెరుచుకుని స్లైడులోని ప్రతి వస్తువు పేరూ వరుసగా కనిపిస్తుంది. పేరు మీద రెండుసార్లు క్లిక్ చేసి, ముందు రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టి కొత్త పేరు ఇవ్వాలి. మన ఉదాహరణలో నేను ఇచ్చే పేర్లు ఇవి:

```
!!receive
!!check1
!!check2
!!approve
!!print
!!send
```

రెండు స్లైడ్లలోనూ ఒకే పేరు అక్షరం తేడా లేకుండా ఉంటే ఆ రెండూ జత అవుతాయి, వాటి ఆకారాలు వేరైనా సరే. ఒకే స్లైడులో ఒకే పేరు రెండు వస్తువులకు ఉండకూడదు. పేర్లను నకలు తీయడానికి ముందే, మొదటి స్లైడులోనే ఇస్తే అవి నకలులోకి వాటంతటవే వస్తాయి. పెట్టెలను ఒక స్లైడులో గ్రూపు చేసి మరో స్లైడులో విడదీసినా జత తప్పుతుంది కాబట్టి రెండు చోట్లా ఒకే తీరు పాటించాలి.

జాబితాలో పరిశీలనకు రెండు పేర్లు ఉండడం మీరు గమనించే ఉంటారు. ఒక వస్తువు రెండుగా చీలడం మార్ఫ్‌కు తెలియదు, దానికి తెలిసినది ఒకటికి ఒకటి జత మాత్రమే. అందుకని మొదటి స్లైడులోనే పరిశీలన పెట్టెలు రెండింటిని, ఒకే కొలతతో, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కప్పి పెడతాను. చూసేవారికి ఒక్కటే కనిపిస్తుంది. నకలులో కింది పెట్టెను దిగువ వరుసకు దించితే, ఒక పని రెండుగా విడిపోయినట్టే కనిపిస్తుంది. రంగు మాత్రం నిండుగా ఉండాలి. కొంచెం పారదర్శకత ఉన్నా రెండు పొరలు కలిసిన చోట రంగు ముదిరి, అక్కడ ఏదో దాగి ఉందని ముందే తెలిసిపోతుంది.

పాత స్థితి నుంచి కొత్త స్థితికి ఒక్క మార్ఫ్‌తో వెళ్లడం సాధ్యమే. అయితే అప్పుడు పెట్టెలు కుదించుకుంటూనే ఎడమకు జరుగుతాయి, వాటితోపాటే ఒకటి కిందికి దిగుతుంది, ఇంకొకటి మాయమవుతుంది. ఇన్ని ఒకేసారి జరిగితే కన్ను దేన్నీ పట్టుకోలేదు. అందువల్ల మధ్యలో ఒక స్లైడు చేర్చి దారిని రెండు అంగలుగా విడదీస్తాను.

మధ్య స్లైడులో ప్రతి పెట్టె ఎడమ అంచు ఉన్నచోటే ఉంటుంది, వెడల్పు మాత్రం తగ్గుతుంది. పరిశీలన పెట్టె 11.2 నుంచి 5.6కు, దిగువకు దిగిన రెండో పరిశీలన పెట్టె 4.2కు, ఆమోదం 8.4 నుంచి 4.2కు తగ్గుతాయి. ముద్రణను ఇక్కడే తొలగిస్తాను. ఇప్పుడు పెట్టెల మధ్య ఖాళీలు ఏర్పడతాయి, ఏ దశలో ఎన్ని రోజులు ఆదా అయ్యాయో ఆ ఖాళీలే చూపిస్తాయి. దీని మీద కాసేపు ఆగి మాట్లాడవచ్చు. మూడో స్లైడులో వెడల్పులను ముట్టుకోకుండా పెట్టెలను ఎడమకు జరిపి ఖాళీలను మూసేస్తాను: రెండు పరిశీలన పెట్టెలూ 4.4 దగ్గర, ఆమోదం 10 దగ్గర, పంపిణీ 14.2 దగ్గర మొదలవుతాయి, పంపిణీ 17 దగ్గర ముగుస్తుంది. కింద మొత్తం కాలాన్ని చూపే గీత 28 సెంటీమీటర్ల నుంచి 14కు కుదించుకునేది కూడా ఈ అంగలోనే. రోజుల కొలబద్దను మాత్రం మూడు స్లైడ్లలోనూ కదపకూడదు, అది మారితే పోలికకు ఆధారమే ఉండదు.

మార్ఫ్ కదలిక నెమ్మదిగా మొదలై, వేగం అందుకుని, మళ్లీ నెమ్మదించి ఆగుతుంది. కాబట్టి రెండు మార్ఫ్‌లను వెంటవెంటనే ఆడించినా మధ్యలో ఒక ఆగుదల తప్పదు. వంపు దారిలో వస్తువును నడపాలనుకునేవారికి ఇది అడ్డంకి, మన ఉదాహరణకు మాత్రం ఆ ఆగుదలే కావాలి. కాలవ్యవధిని Duration దగ్గర మార్చుకోవచ్చు, మామూలుగా అక్కడ 02.00 అని ఉంటుంది. మొదటి అంగకు నేను దాన్ని అలాగే ఉంచుతాను, రెండోదానికి 01.50 సరిపోతుంది.

పెట్టెలోని అక్షరాల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. పెట్టె ఇరుకవుతున్నకొద్దీ ‘స్థల పరిశీలన’ వంటి మాట రెండు వరుసలుగా విరిగి, కదలిక మధ్యలో అక్షరాలు గెంతినట్టు కనిపిస్తాయి. Format Shape లోని Wrap text in shape గుర్తును తీసివేస్తే వరుస విరగదు. పేరును విడి టెక్స్ట్ పెట్టెలో రాసి పైన ఉంచడం ఇంకా నమ్మకమైన పద్ధతి, అప్పుడు దాని కొలత మారదు, స్థానమే మారుతుంది. Effect Options లో Objects, Words, Characters అనే మూడు ఎంపికలు కనిపిస్తాయి. ఇక్కడ మనకు కావలసింది మొదటిదే. అంకెలు ఒక్కొక్కటిగా తగ్గుతూ 20 నుంచి 10కి చేరతాయని మాత్రం ఆశించవద్దు. పాత అంకె మసకబారి కొత్తది తేలుతుంది, అంతే.

ఎవరైనా మార్పును వెనక్కి తిప్పి చూపమని అడగవచ్చు. దానికి మొదటి స్లైడు నకలును చివరన పెట్టి, దానికీ మార్ఫ్ ఇచ్చి సిద్ధంగా ఉంచుకోవాలి. మార్ఫ్ తెలియని పాత వెర్షన్‌లో ఫైలును తెరిస్తే ఒక స్లైడు మసకబారి మరొకటి వస్తుంది, పీడీఎఫ్‌లో నిశ్చల చిత్రాలే మిగులుతాయి. అందుకని ప్రతి స్లైడులోనూ శీర్షిక, రోజుల సంఖ్యలు, కొలబద్ద పూర్తిగా ఉండేలా చూసుకోవాలి. కదలికతో సహా పంపవలసి వస్తే File లోని Export ద్వారా వీడియోగా మార్చి పంపవచ్చు.